వంద రూబుళ్ల నోటు: ‘అన్నా కరేనినా’లో పల్లె, పట్నం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే నవల గురించి, అందులోనూ ఒకే విషయం గురించి మాట్లాడతాను. టాల్‌స్టాయ్ రాసిన ‘అన్నా కరేనినా’ 1875 నుంచి 1877 వరకు ఒక రష్యన్ మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆఖరి భాగాన్ని మాత్రం, అందులోని యుద్ధ వ్యతిరేక ధోరణి నచ్చక, పత్రిక సంపాదకుడు వేసుకోలేదు. రచయిత దాన్ని విడిగా అచ్చు వేయించుకున్నాడు. 1878లో నవల మొత్తం పుస్తకంగా వెలువడింది. రష్యాలో వెట్టి రైతులకు 1861లో విముక్తి లభించింది కనుక, ఈ కథ జరిగే నాటికి పొలంలో పనిచేసేవాడికి కూలి ఇవ్వవలసిన రోజులు వచ్చి ఇంకా పట్టుమని ఇరవై ఏళ్లు కాలేదు. కూలికి ఇంత, గింజకు ఇంత, అడవికి ఇంత అని వెల కట్టవలసిన అవసరం భూస్వాములకు కొత్తగా వచ్చిపడిన కాలమది. నేను చెప్పబోయే దానికి ఈ నేపథ్యం చాలా ముఖ్యం.

నవల చదవని వారి కోసం మనుషులను క్లుప్తంగా పరిచయం చేస్తాను. పీటర్స్‌బర్గ్‌లో ఒక పెద్ద అధికారి భార్య అన్నా. ఆమె వ్రాన్‌స్కీ అనే సైనికాధికారిని ప్రేమించి, భర్తనూ కొడుకునూ వదిలి అతనితో వెళ్లి, చివరికి రైలు కింద పడి చనిపోతుంది. ఆమె అన్న అబ్లాన్‌స్కీ మాస్కోలో ఉద్యోగి, చేతికి ఎముక లేని మనిషి. అతని భార్య డాలీ. డాలీ చెల్లెలు కిట్టీని పెళ్లాడేవాడు లేవిన్. పక్రోవ్‌స్కొయె అనే పల్లెలో తన భూమి తానే చూసుకునే భూస్వామి అతను. అన్నా కథ ఎక్కువగా పట్నాలలోనూ రైలు స్టేషన్లలోనూ నడుస్తుంది. లేవిన్ కథ ఎక్కువగా పొలంలో నడుస్తుంది. ఒకరి కథ నాశనంలో ముగుస్తుంది, మరొకరి కథ ఇల్లూ బిడ్డా కొంత వెలుగూ దొరకడంతో ముగుస్తుంది.

ఇంత వరకు చెప్పగానే పాఠకుడికి ఒక నిర్ణయం సులువుగా తోస్తుంది: పల్లె మంచిది, పట్నం చెడ్డది, నవల చెప్పే నీతి ఇదే అని. ఈ నవలను అలా చదివినవారు చాలామంది ఉన్నారు. అలా చదివితే పుస్తకంలోని సగం దృశ్యాలు అనవసరమైపోతాయని నా అభిప్రాయం. పల్లెలోనే జరిగే అతి కఠినమైన దృశ్యాలకు ఆ పఠనంలో చోటు లేదు. పల్లెలో ఉండి కూడా పట్నంలా బతికేవారికీ అందులో చోటు లేదు. పల్లెకూ పట్నానికీ మధ్య తేడాను టాల్‌స్టాయ్ ప్రకృతి వర్ణనతోనో పాత్రల ఉపన్యాసాలతోనో స్థాపించలేదు. లెక్కలతో స్థాపించాడు. ఒక వస్తువు వెల వెనుక ఎవరి శ్రమ ఎంత ఉందో కంటికి కనబడే చోటు అతనికి పల్లె. ఆ శ్రమ కనబడకుండా పోయే చోటు పట్నం. నవలలోని నైతిక వాదమంతా ఈ కనబడడం, కనబడకపోవడం మీద నిలిచి ఉంది.

మొదటి భాగంలోని ఒక విందుతో మొదలుపెడదాం. కిట్టీని పెళ్లికి అడగాలని లేవిన్ మాస్కోకు వస్తాడు. అబ్లాన్‌స్కీ అతన్ని ఒక ఖరీదైన హోటల్‌కు భోజనానికి తీసుకువెళ్తాడు. ఆల్చిప్పల మాంసం వస్తుంది, ఫ్రెంచి పేర్ల వంటకాలు వస్తాయి. లేవిన్‌కు మాత్రం పల్లెటూరి క్యాబేజీ సూపు, గంజి ఉంటే చాలుననిపిస్తుంది. అక్కడ అతను రెండు మాటలంటాడు. పల్లెలో మేము పనికి వీలుగా ఉండాలని గోళ్లు కత్తిరించుకుంటాం, చొక్కా చేతులు పైకి మడుచుకుంటాం. ఇక్కడివారు చేతులతో ఏ పనీ చేయడానికి వీల్లేకుండా గోళ్లు పెంచుకుని, పళ్లేలంత బొత్తాలు పెట్టుకుంటారు. మేము త్వరగా తిని పనిలోకి పోవాలని చూస్తాం. ఇక్కడ కడుపు త్వరగా నిండకుండా ఉండడానికి ఏమి తినాలా అని చూస్తాం. దానికి అబ్లాన్‌స్కీ, నాగరికత లక్ష్యమే ప్రతిదాన్నీ ఆనందంగా మార్చుకోవడం కదా అని జవాబు చెబుతాడు.

ఈ సంభాషణ అందరికీ గుర్తుంటుంది. దాని తరువాత వచ్చే ఒక చిన్న వాక్యాన్ని మాత్రం చాలామంది దాటిపోతారు. బిల్లు ఇరవై ఆరు రూబుళ్ల చిల్లర అవుతుంది. సేవకుడికిచ్చే బహుమానంతో కలిపి లేవిన్ వాటా పద్నాలుగు రూబుళ్లు. మరొక సమయంలోనైతే పల్లెటూరి మనిషిగా ఆ అంకె విని హడలిపోయేవాడే గాని, ఆ రోజు మనసు కిట్టీ మీద ఉండడం వల్ల అతను పట్టించుకోలేదని రచయిత చెబుతాడు. ఈ ఇరవై ఆరు రూబుళ్ల బిల్లును దయచేసి గుర్తుంచుకోండి. దాదాపు ఇదే మొత్తం ఏడవ భాగంలో తిరిగి వస్తుంది, అప్పుడు లేవిన్ పట్టించుకుంటాడు.

రెండవ భాగంలో కథ పల్లెకు మారుతుంది. ఈసారి అబ్లాన్‌స్కీ లేవిన్ ఇంటికి అతిథిగా వస్తాడు. భార్య డాలీకి పుట్టింటివారిచ్చిన అడవిని ర్యాబినిన్ అనే వర్తకుడికి అమ్మడానికే అతను ఆ ప్రాంతానికి వచ్చాడు. బేరం ముప్పై ఎనిమిది వేల రూబుళ్లకు కుదిరింది. ఎనిమిది వేలు ఇప్పుడు, మిగిలినది ఆరేళ్లలో. లేవిన్ అతన్ని ఒకే ప్రశ్న అడుగుతాడు: చెట్లు లెక్కపెట్టావా? అబ్లాన్‌స్కీ నవ్వుతాడు. ఇసుక రేణువులను లెక్కపెట్టడం ఎవరి తరమన్న ధోరణిలో ఒక కవితా పంక్తి తగిలించి మాట దాటవేస్తాడు. ర్యాబినిన్ మాత్రం తప్పకుండా లెక్కపెట్టే ఉంటాడని లేవిన్‌కు తెలుసు. ఆ అడవిలో ఏటా వేటాడేవాడు కనుక దాని విలువ కూడా అతనికి తెలుసు: దెస్యాతీనాకు, అంటే సుమారు ఒక హెక్టారుకు, రొక్కంగా అయిదు వందలు పలికే అడవిని వాయిదాల మీద రెండు వందలకు ఇచ్చేశాడు. దాదాపు ముప్పై వేలు ఉత్తపుణ్యానికి ధారపోసినట్టేనని లేవిన్ మండిపడతాడు. ర్యాబినిన్ పిల్లలకు చదువూ ఆస్తీ ఉంటాయి, నీ పిల్లలకు ఉంటాయో లేదో అని కూడా అనేస్తాడు. ఇలా లెక్కలు చూసుకోవడంలో ఏదో అల్పత్వం ఉందని అబ్లాన్‌స్కీ సమాధానం.

ఈ దృశ్యంలో నవల వాదానికి పునాది పడింది. లెక్క చూడని ఔదార్యం పట్నవాసానికి పెద్ద గుణం. అబ్లాన్‌స్కీని అందరూ ప్రేమిస్తారు, పాఠకులమైన మనమూ ప్రేమిస్తాం. ఆ ఔదార్యానికి మూల్యం చెల్లించేది డాలీ, ఆమె పిల్లలు. మూడవ భాగంలో ఆ మూల్యం కళ్ల ముందు నిలుస్తుంది. ఖర్చు తగ్గుతుందని డాలీ పిల్లలతో యెర్గుషోవో అనే పల్లెకు వెళ్తుంది. భర్త ముందుగా వెళ్లి ఇల్లు బాగు చేయించి వచ్చాడు. ఏమి చేయించాడు? కుర్చీలకు కొత్త గుడ్డ వేయించాడు, తెరలు కట్టించాడు, పూల మొక్కలు నాటించాడు, చెరువు దగ్గర చిన్న వంతెన కట్టించాడు. ఇంటికప్పు మాత్రం కారుతోంది. తొమ్మిది ఆవులున్నాయి గాని కొన్ని చూలువి, కొన్ని తొలిచూరు దూడలు వేసినవి, కొన్ని ముసలివి, మిగిలినవి పాలివ్వనివి. పిల్లలకు సరిపడా పాలు కూడా లేవు. గుడ్లు లేవు. అదే పల్లె, అదే గాలి, అదే పచ్చదనం. చూసిన కళ్లు పట్నపు కళ్లు కనుక అవి తెరల దగ్గర ఆగిపోయాయి, పాల దాకా పోలేదు. పల్లెలో ఉన్నంత మాత్రాన పల్లె ఎవరికీ ఏమీ నేర్పదని టాల్‌స్టాయ్ ఇక్కడే చెప్పేశాడు.

ఇదే మూడవ భాగం మొదట్లో లేవిన్‌కు సవతి అన్న, పేరున్న పండితుడు సెర్గేయ్ ఇవానవిచ్ సెలవులకు పల్లెకు వస్తాడు. అన్నదమ్ములిద్దరూ పల్లెను ఇష్టపడేవారే. అన్నకు పల్లె అంటే ఒకవైపు పని నుంచి విశ్రాంతి, మరోవైపు పట్నపు కల్మషానికి విరుగుడు. తమ్ముడికి పల్లె అంటే బతుకు జరిగే చోటు: సంతోషం, బాధ, శ్రమ అన్నీ ఉండే చోటు. సెర్గేయ్ రైతు జనాన్ని ప్రేమిస్తున్నానని అంటాడు. లేవిన్ అలా అనలేడు, ఎందుకంటే వాళ్లతో రోజూ పని చేసేవాడికి కొందరు నచ్చుతారు, కొందరు నచ్చరు, ఒక్కొక్కసారి వాళ్ల నిర్లక్ష్యం మీద ఒళ్లు మండుతుంది. పట్నాన్ని ద్వేషించి పల్లెను పొగడడం కూడా పట్నవాసపు అలవాటేనని ఇంత స్పష్టంగా చూపిన పేజీలు నవలా సాహిత్యంలో తక్కువ. ఆ వెంటనే సుప్రసిద్ధమైన గడ్డికోత దృశ్యం వస్తుంది. పొడవాటి పిడి కొడవలితో లేవిన్ రోజంతా రైతుల వరుసలో నిలబడి కోస్తాడు. ఆ దృశ్యం అందం గురించి చాలామంది మాట్లాడారు, నేను మళ్లీ మాట్లాడను. అందులోనూ ఒక లెక్క ఉందని మాత్రం గుర్తుచేస్తాను. వెట్టి రోజుల్లో ముప్పై కొడవళ్లకు రెండు రోజులు పట్టిన పెద్ద పచ్చికను ఆ రోజు నలభై ఇద్దరు మనుషులు దాదాపు పూర్తిగా కోసేశారు. ఒక రోజు అంటే ఎంత పని, ఒక మనిషి అంటే ఎంత శక్తి, ఈ కొలతలు లేవిన్ ఒంట్లోకి దిగింది ఆ రోజే.

ఇప్పుడు ఆ కొలతను ఒంట్లో మోసుకుని లేవిన్ పట్నానికి వస్తాడు. నవల మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా కనిపించే పేజీ ఇక్కడుంది, కాస్త నిదానంగా చూద్దాం.

ఏడవ భాగం. కిట్టీ నిండు గర్భిణి. కాన్పుకు వైద్యులు దగ్గరలో ఉండాలని దంపతులు మాస్కోలో కాపురం పెట్టారు. పల్లెలో తన భర్త ఎలా ఉండేవాడో కిట్టీ గుర్తుచేసుకుంటుంది. అక్కడ అతను తన చోట తానుండేవాడు, ఎన్నడూ హడావిడి పడేవాడు కాదు, ఎన్నడూ ఖాళీగా ఉండేవాడూ కాదు. ఇక్కడ ఎప్పుడూ ఏదో చేజారిపోతుందన్నట్టు తొందరపడతాడు గాని చేయడానికి పనేమీ లేదు. ఆమె పరిశీలన ఎంత నిశితమో చూడండి: మనిషి మారలేదు, అతని కాలాన్ని కొలిచే పని పోయింది.

కాలం తరువాత డబ్బు. మాస్కోలో లేవిన్ మొట్టమొదటి వంద రూబుళ్ల నోటు మార్చినప్పుడు, అది ఇంటి నౌకరుకూ గుమ్మం దగ్గరి కాపలావాడికీ ప్రత్యేకమైన ఉడుపులు కుట్టించడానికి. ఆ ఉడుపులు ఎవరికీ పనికిరావు. అయినా అవి లేకుండా కుదరదు. అవి లేకపోయినా గడుస్తుందేమోనని లేవిన్ అన్నప్పుడు అత్తగారూ కిట్టీ వింతగా చూసిన చూపులోనే ఆ సంగతి అతనికి తెలిసింది. అప్పుడతని మనసు తనంత తానుగా లెక్క కడుతుంది: ఈ వంద రూబుళ్లు వేసవి పనికాలానికి ఇద్దరు పాలేర్ల జీతం. అంటే సుమారు మూడు వందల పనిరోజులు, ఒక్కొక్కటీ తెల్లవారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఒళ్లు వంచిన రోజు. ఆ నోటు అతని గొంతుకు అడ్డం పడింది.

రెండవ నోటు బంధువులకు విందు చేయడానికి. ఆ విందు ఖర్చు ఇరవై ఎనిమిది రూబుళ్లు. మొదటి భాగంలోని విందు బిల్లుకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ఆ రోజు పట్టించుకోని లేవిన్ ఈ రోజు లెక్క కడతాడు: ఇరవై ఎనిమిది రూబుళ్లంటే తొమ్మిది కొలతల ఓట్స్ ధాన్యం. మనుషులు మూలుగుతూ, చెమటోడుస్తూ కోసి, పనలు కట్టి, నూర్చి, తూర్పారబట్టి, జల్లించి, బస్తాల కెత్తిన ధాన్యం. రచయిత ఈ క్రియలన్నిటినీ ఒకే వాక్యంలో వరుసగా పేర్చాడు. ధర అన్న ఒక్క అంకెను విప్పి, దాని లోపల ముడుచుకుని ఉన్న పనులన్నిటినీ ఒక్కొక్కటిగా బయట పరిచినట్టుంటుంది ఆ వాక్యం. అయినా రెండవ నోటు మొదటిదాని కంటే సులువుగానే చేయి దాటిందని వెంటనే చెబుతాడు. ఆ తరువాతి నోట్లకు ఈ ఆలోచనలేవీ రాలేదు. అవి చిన్న పిట్టల్లా ఎగిరిపోయాయి.

పతనం ఇక్కడ ఆగదు. పల్లెలో లేవిన్‌కు ఒక నియమం ఉండేది, ఇంత ధరకు తక్కువైతే గింజ అమ్మకూడదని. ఎంతో కాలం పట్టుబట్టి ఆపిన రై ధాన్యాన్ని ఇప్పుడు నెల క్రితం పలికిన ధర కంటే కొలతకు యాభై కొపెక్కులు తక్కువకు అమ్మేశాడు. ఇలా ఖర్చు పెడితే అప్పు లేకుండా ఏడాది గడవదన్న ఆలోచనకు కూడా పదును పోయింది. బ్యాంకులో డబ్బు ఉంటే చాలు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగనక్కరలేదు, రేపు మాంసం కొనడానికి సరిపోతే చాలు. ఆ మాట అనుకునే సమయానికి బ్యాంకులో డబ్బు కూడా అయిపోయింది. అడవి బేరం రోజున అబ్లాన్‌స్కీని మందలించిన లేవిన్, తన ధాన్యం విషయంలో తానే అబ్లాన్‌స్కీ అయ్యాడు. దీనికి పట్టిన కాలం కొద్ది నెలలు. ఇందులో ఏ దుర్మార్గుడూ లేడు, ఏ ప్రలోభమూ లేదు. ఉన్నదల్లా నోటుకూ పొలానికీ మధ్య పెరిగిన దూరం. పట్నం మనిషిని ఎలా చెడగొడుతుందో చెప్పడానికి జూదమూ వ్యభిచారమూ అక్కర లేకుండా, ఒక మంచి గృహస్థు నౌకర్లకు ఉడుపులు కుట్టించిన సందర్భం చాలునని ఈ పేజీ నిరూపిస్తుంది. అదే కాలంలో లేవిన్ క్లబ్బుకు వెళ్తాడు, తాగుతాడు, పేకాటలో నష్టపోతాడు, ఆ రాత్రే అన్నాను చూసి ఆకర్షితుడవుతాడు. ఆ పెద్ద జారుడుకు ముందు ఈ చిన్న జారుడు జరిగి ఉండడం యాదృచ్ఛికం కాదు.

పల్లె మనిషిని పట్నంలో పెట్టి చూపించిన రచయిత, పట్నాన్ని తెచ్చి పల్లెలో పెట్టి కూడా చూపించాడు. ఆరవ భాగంలో వ్రాన్‌స్కీ, అన్నా కలిసి వొజ్‌ద్విజెన్‌స్కొయె అనే ఎస్టేటులో ఉంటారు. డాలీ అక్కడికి ఒక రోజు చూడడానికి వెళ్తుంది. ఈ ప్రయాణాన్ని టాల్‌స్టాయ్ డాలీ కళ్లతోనే రాయడంలో గొప్ప విజ్ఞత ఉంది. ఎందుకంటే లెక్క తెలిసిన కళ్లు ఆమెవి. రాత్రి వేసుకునే చొక్కాకు అతుకు వేసుకుంది. ఆరు చొక్కాలకు గజం అరవై అయిదు కొపెక్కుల గుడ్డ ఇరవై నాలుగు గజాలు కావాలి, అంటే పదిహేను రూబుళ్లకు పైగా, కుట్టుకూలి కాకుండా. అతుకు వేస్తే ఆ డబ్బు మిగులుతుంది. ఇంట్లో ఆ అతుకు ఆమెకు గర్వకారణం. అన్నా ఇంట్లో నాజూకైన పనిమనిషి ముందు అదే అతుకు ఆమెను సిగ్గుతో కుంచించుకుపోయేలా చేసింది. మనిషి మారలేదు, అతుకు మారలేదు, పదిహేను రూబుళ్లూ మారలేదు. ఆ రూబుళ్లను చదివే భాష లేని ఇంట్లో ఆమె అడుగుపెట్టింది, అంతే.

ఆ ఇంట్లో అన్నీ కొత్తవి, అన్నీ విదేశాల నుంచి తెచ్చినవి. పసిబిడ్డ గదిలో ఇంగ్లండు బండ్లు, ఇంగ్లండు తొట్టెలు ఉన్నాయి. బిడ్డకు ఎన్ని పళ్లు వచ్చాయో మాత్రం తల్లికి సరిగా తెలియదు, కొత్తగా వచ్చిన రెండు పళ్ల సంగతే ఆమె ఎరగదు. వ్రాన్‌స్కీ రైతుల కోసం భవ్యమైన ఆసుపత్రి కట్టిస్తున్నాడు. ప్రసవాల గది ఉంటుందా, పల్లెలో దాని అవసరం ఎక్కువ కదా అని పిల్లల తల్లి డాలీ అడిగితే, ఇది ప్రసూతి ఆసుపత్రి కాదని వ్రాన్‌స్కీ ఆమె మాటను మధ్యలోనే తుంచేస్తాడు. రైతులు ఒక పచ్చికను తక్కువ ధరకు అడిగితే అతను కాదన్నాడని, తాను పిసినారితనమని ఎత్తిపొడవగా, కాదని నిరూపించడానికే ఈ ఆసుపత్రి మొదలుపెట్టాడని అన్నా స్వయంగా చెబుతుంది. రైతులు అడిగింది పచ్చిక. వాళ్లకు దొరికింది భవనం.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వ్రాన్‌స్కీ లెక్క తెలియనివాడు కాదు. కలప, గోధుమలు, ఉన్ని అమ్మేటప్పుడు రాయిలా నిలబడి ధర రాబడతాడు, అతని ఎస్టేటు లాభాల్లోనే ఉంది. ర్యాబినిన్ కూడా చెట్లు లెక్కపెట్టినవాడే. లెక్క చూసుకోవడమే ధర్మమైతే వీళ్లిద్దరూ ధర్మాత్ములు కావాలి. నవల దీనికి జవాబు చెప్పించింది లేవిన్ ఇంటి బండివాడి నోట. డాలీని తిరిగి తీసుకువస్తూ అతను గొణుగుతాడు: డబ్బున్నవాళ్లే గాని గుర్రాలకు మూడు కొలతల ఓట్స్ మాత్రం ఇచ్చారు, కోడి కూసేలోపే గింజ మిగలకుండా తినేశాయి, మూడు కొలతలంటే ఒక్క బుక్క. మన ఇంట్లో ఎవరి గుర్రాలు వచ్చినా తిన్నంత పెడతాం. ఇంగ్లండు తొట్టెలకు లోటు లేని ఇంట్లో అలసివచ్చిన గుర్రం అర్ధాకలితో ఉండిపోయింది. వ్రాన్‌స్కీ రూబుళ్లను రూబుళ్లతో కొలుస్తాడు. లేవిన్ రూబుళ్లను పనిరోజులతో కొలుస్తాడు. అతని ఇంట్లో గుర్రం దాణా పొదుపు చేసే వస్తువు కాదు, ఎందుకంటే గుర్రం పనిచేసి వచ్చిందని అందరికీ తెలుసు. రెండు ఎస్టేట్లూ పల్లెల్లోనే ఉన్నాయి. ఓట్స్ కొలత దగ్గర అవి విడిపోయాయి.

ఇంత చెప్పాక, ఈ వాదానికి పడే దెబ్బలను కూడా చూపించకపోతే రచయితకు అన్యాయం చేసినవాడినవుతాను. అతను వాటిని దాచలేదు.

మొదటిది, అదే ప్రయాణంలో వెళ్లేటప్పుడు జరుగుతుంది. దారిలో ఆగిన రైతు ఇంట్లో అందమైన పడుచు కోడలిని పిల్లలున్నారా అని డాలీ అడుగుతుంది. ఒక ఆడపిల్ల ఉండేది, దేవుడు విడిపించాడు, మొన్న ఉపవాసాల్లో పాతిపెట్టామని ఆమె ఉల్లాసంగా జవాబిస్తుంది. బాధగా లేదా అంటే, ముసలాయనకు మనవలు చాలామందే ఉన్నారు, పిల్ల ఉంటే పని సాగదు, అదొక బంధనం అంటుంది. ఆ జవాబు డాలీకి అసహ్యమనిపిస్తుంది. కొంతసేపటికి అందులో నిజం లేకపోలేదని కూడా తోస్తుంది. ప్రతిదాన్నీ పనిరోజులతో కొలిచే చోట బిడ్డను కూడా అదే కొలతతో కొలుస్తారు. పల్లె కొలత పవిత్రమైనది అనుకోవడానికి ఈ పేజీ తరువాత వీలు లేదు. ఈ దృశ్యాన్ని టాల్‌స్టాయ్ వొజ్‌ద్విజెన్‌స్కొయెకు సరిగ్గా ముందు పెట్టాడు. పట్నపు విలాసాన్ని చూడబోయే ముందు పల్లె క్రూరత్వాన్ని చూసి వెళ్లమన్నాడు.

రెండవది, లేవిన్ మీదే పడే దెబ్బ. వేటకు వెళ్లిన రాత్రి ఒక రైతు గడ్డిపాకలో ముగ్గురు మిత్రులు పడుకుని మాట్లాడుకుంటారు. రైల్వేలలో సులువుగా ధనవంతుడైన ఒకడి ప్రస్తావన వస్తుంది. చేసిన శ్రమకు మించిన సంపాదన ఏదైనా అన్యాయమని లేవిన్ అంటాడు. అప్పుడు అబ్లాన్‌స్కీ, లెక్కలు ఎరగని ఆ అబ్లాన్‌స్కీ, నవల మొత్తంలోకీ పదునైన లెక్క ఒకటి చేస్తాడు: నీ శ్రమకు నీకు అయిదు వేలు వస్తున్నాయి, ఈ ఇంటి రైతు ఎంత పాటుపడినా యాభై కంటే ఎక్కువ రావు, నా గుమాస్తా కంటే నాకు ఎక్కువ జీతం రావడం అన్యాయమైతే ఇదీ అన్యాయమే. అన్యాయమని నాకూ అనిపిస్తుందని లేవిన్ ఒప్పుకుంటాడు. అనిపిస్తుంది గాని నీ ఆస్తి అతనికి ఇవ్వవు కదా అన్న ప్రశ్నకు, ఈ వ్యత్యాసాన్ని ఇంకా పెంచకుండా మాత్రం చూసుకుంటానని చెప్పగలుగుతాడు. ఆ జవాబు చాలదని అతనికే తెలుసు. తొమ్మిది కొలతల ఓట్స్‌ను మూలుగుతూ కోసింది అతను కాదు. పట్నంలో గొంతుకు అడ్డం పడిన నోటు, పల్లెలో ఎందుకు పడలేదన్న ప్రశ్నను నవల అడిగి వదిలేసింది. పల్లె శ్రమను కనబడేలా చేస్తుంది. కనబడినదాన్ని సరిదిద్దే బాధ్యత ఆ చోటుది కాదు, చూసినవాడిది. లేవిన్ ఆ పని సగమే చేశాడని నేను అనుకుంటాను.

వ్యవసాయం, పట్నాలు, రైల్వేల గురించి లేవిన్ ఒక పుస్తకం కూడా రాస్తుంటాడు. రైల్వేలు అకాలంగా వచ్చి, జనాన్నీ డబ్బునూ పట్నాలకు లాగి, విలాసాన్ని పెంచి వ్యవసాయాన్ని దెబ్బతీశాయన్నది దాని సారం. నవల నైతిక వాదం ఆ పుస్తకంలోనే ఉందని కొందరు విమర్శకులు భావిస్తారు. నాకు అలా అనిపించదు. ఆ పుస్తకం కథలో ఎవరినీ కదిలించదు, చివరికి దాని ఊసే మరుగున పడుతుంది. సిద్ధాంతంగా చెప్పినప్పుడు తేలిపోయిన మాటే, ఉడుపుల ఖర్చుగా, ఓట్స్ కొలతగా వచ్చినప్పుడు మనల్ని పట్టుకుంటుంది.

ఎనిమిదవ భాగంలో, కళ్లంలో నూర్పిడి జరుగుతుండగా, ఫ్యోదర్ అనే రైతు లేవిన్‌తో ఇద్దరు మనుషుల గురించి చెబుతాడు. ఇద్దరూ ఆ పల్లె ప్రాంతం వాళ్లే. మిత్యుఖా అనేవాడు తన కడుపు కోసమే బతుకుతాడు, ఎవరినైనా పిండి తన లాభం రాబట్టుకుంటాడు. ఫొకానిచ్ అనే ముసలి రైతు తన ఆత్మ కోసం బతుకుతాడు, దేవుణ్ణి మరిచిపోడు, ఎదుటివాడికి అప్పుగా ఇచ్చింది కూడా ఒక్కొక్కసారి వదిలేస్తాడు. లేవిన్‌ను ఆ మాటలు మెరుపులా తాకుతాయి. ఇందులో మనం గమనించవలసినది, నవల తన ఆఖరి వ్యత్యాసాన్ని పల్లెకూ పట్నానికీ మధ్య కాక ఒకే పల్లెలోని ఇద్దరు రైతుల మధ్య పెట్టడం. ఏడు భాగాల పొడుగునా రెండు చోట్ల మధ్య నడిచిన గీత ఇక్కడికి వచ్చేసరికి మనుషుల మధ్యకు జరిగింది. పైగా, లెక్కను ఇంత గౌరవించిన నవలలో, చివరికి మంచివాడిగా నిలిచినవాడు రావలసిన బాకీని వదిలేసేవాడు. అబ్లాన్‌స్కీ కూడా వదిలేశాడు, అడవిని. కాని అతను ఎంత వదిలేస్తున్నాడో తెలియక వదిలేశాడు, అదీ భార్య సొత్తు. ఫొకానిచ్‌కు తాను వదిలేసేది ఎన్ని రోజుల కష్టమో తెలుసు.

అన్నా సంగతి ఒక్కటి మిగిలింది. ఈ వాదం ఆమె పట్ల కఠినంగా ఉందని నేను భావిస్తాను. లేవిన్‌కు తిరిగి వెళ్లడానికి పక్రోవ్‌స్కొయె ఉంది, అది అతనికి వారసత్వంగా వచ్చింది. కిట్టీకి ఆ ఇల్లు పెళ్లి వల్ల వచ్చింది. డాలీకి పిల్లలు, ఆవులు, అతుకుల చొక్కాలు ఉన్నాయి. అన్నాకు పీటర్స్‌బర్గ్‌లో తలుపులు మూసుకుపోయాయి. వొజ్‌ద్విజెన్‌స్కొయె వ్రాన్‌స్కీది, అక్కడ తాను అదనపు మనిషినని ఆమెకు అనిపిస్తూనే ఉంటుంది. తన చేతి పని ఇంకొకరికి అక్కరకు వచ్చే చోటు ఆమెకు ఈ నవలలో ఎక్కడా దొరకలేదు. ఆమె చదువుతుంది, పిల్లల కోసం కథ రాస్తుంది, ఒక ఇంగ్లీషు బాలికను చేరదీస్తుంది. ఇవన్నీ పనిని వెతుక్కునే ప్రయత్నాలే. వాటిని రచయిత కొంత కఠినంగానే చూపించాడు గాని, ఆ వెతుకులాటను వదిలేయకుండా రాశాడు. భూమి లేని మనిషికి, ముఖ్యంగా భూమి దక్కని స్త్రీకి, ఈ పల్లె కొలత ఎలా అందుతుందన్న ప్రశ్నకు పక్రోవ్‌స్కొయె దగ్గర జవాబు లేదు. ఈ నవలను మళ్లీ చదివేవారు లేవిన్ పొలం నుంచి కాక, వొజ్‌ద్విజెన్‌స్కొయెలో అన్నా కూర్చున్న గది నుంచి మొదలుపెట్టి చదివి చూడమని కోరుతున్నాను.

నమస్కారం.